అవార్డు వచ్చిందట సారూ!

అవార్డు అంటే మా బడి పిల్లలకు ఒకటే అర్థం. జనవరి ఇరవై ఆరున జెండా ఎగరేసిన తర్వాత స్టీలు గ్లాసో, కంపాస్ బాక్సో చేతిలో పెడితే అది అవార్డు. వాళ్ల అమ్మానాన్నలకూ అదే అర్థం. అందుకే మా ఊళ్లో ఒక పెద్దాయనకు ప్రభుత్వం నుంచి కాగితం వచ్చి, అందులో తన సర్వే నంబరు పక్కన ‘అవార్డు ప్రకటించబడినది’ అని కనిపిస్తే, ఆయన ముఖం వెలిగిపోయింది. “నాకు అవార్డు వచ్చిందట సారూ, ఎంతిస్తరో జర చదివి చెప్పు” అంటూ వచ్చాడు. ఆయన రెండెకరాల భూమి పోయిందని చెప్పే కాగితం అది.

నేను గోదావరిఖనికి దగ్గర్లోని ఒక పల్లెలో ఇరవై ఏళ్లకు పైగా సోషల్ టీచరుగా పనిచేశాను. గోదావరిఖనిని మేం ఖని అనే అంటాం. మా బడిలో సగం మంది పిల్లలు బాయి పనికి పోయేవాళ్ల బిడ్డలు, సగం మంది రైతుల బిడ్డలు. పొద్దున మొదటి షిఫ్టుకు పోయే తండ్రి డ్యూటీ దిగి వచ్చేసరికి మా బడి గంట కొట్టేది. మధ్యాహ్నం బ్లాస్టింగ్ జరిగితే నల్లబల్ల మీద సుద్ద పొడి రాలేది. భూగర్భ గనులున్నంత కాలం ఊరు పైన, బాయి కింద ఉండేవి. ఎవరి బతుకు వారిది. ఓపెన్‌కాస్ట్‌లు వచ్చాక లెక్క మారింది. బొగ్గు మీద ఉన్న మట్టంతా తవ్విపోయాలి గనుక, ఆ మట్టి మీద ఉన్న పొలమూ ఇల్లూ కూడా పోవాలి. అలా పోయే ముందు వరసగా కాగితాలు వస్తాయి.

ఆ కాగితాలు పూర్తిగా ఇంగ్లిష్‌లో ఉండేవని కాదు. కొన్ని ఇంగ్లిష్‌లో, కొన్ని తెలుగులో, కొన్ని రెండూ కలిపి వచ్చేవి. నిజం చెప్పాలంటే ఇంగ్లిష్‌వే నయం. అర్థం కాలేదని ఒప్పుకుని ఎవరినైనా అడుగుతారు. తెలుగు కాగితం అలా కాదు. అక్షరాలు తెలిసినవే, మాటలు తెలిసినట్టే ఉంటాయి. కూడబలుక్కుని చదివేసి, అర్థమైందనుకుని గూట్లో పెట్టేస్తారు. ‘ఇందుమూలముగా యావన్మందికి తెలియజేయునది ఏమనగా’ అని మొదలై, ఊపిరి తీసుకునే చోటు లేకుండా పేజీ చివరిదాకా ఒకే వాక్యం సాగుతుంది. అలాంటి కాగితాన్ని తెలుగు నుంచి తెలుగులోకి అనువదించడమే నా పనిలో ఎక్కువ భాగం.

2003లో వచ్చిన నోటీసుతో ఇది మొదలైంది. అప్పటికి 1894 నాటి భూసేకరణ చట్టమే నడుస్తోంది. ఫలానా సర్వే నంబర్ల భూమిని సేకరిస్తున్నాం, ‘ఆసక్తిగల వ్యక్తులు’ ఫలానా తేదీన హాజరై తమ క్లెయిములు దాఖలు చేసుకోవలెను అని ఉంది. దండోరా వేశారు, పంచాయతీ గోడకు అతికించారు. ఒక చెల్లె, పెళ్లయిన ఆరేడేళ్లకే భర్త పోయిన మనిషి, ఆ గోడ ముందు నిలబడి చదివింది. ఏడో తరగతి చదువుకుంది ఆమె. చదివి నాతో అన్న మాట ఇది: “ఆసక్తి ఉన్నోళ్లు రమ్మన్నరు సారూ. భూమి పోతుంటే నాకు ఆసక్తి యాడిది? నేను పోను.”

ఆమె తర్కంలో తప్పేముంది? ఆటల మీద ఆసక్తి, పాటల మీద ఆసక్తి అంటాం. భూమి ఇవ్వడానికి ఉత్సాహపడేవాళ్లే రావాలని ఆమెకు అర్థమైంది. కానీ ఆ ఇంగ్లిష్ మాటకు చట్టంలో అర్థం వేరు. ఆ భూమి తాలూకు పరిహారంలో నాకూ వాటా ఉంది అని చెప్పుకోదగ్గ ప్రతి మనిషీ అందులోకి వస్తాడు. పట్టాదారే కానక్కర లేదు. పహాణీలో పట్టాదారు గడిలో ఆమె బావ పేరుంది. అనుభవదారు గడిలో ఆమె భర్త పేరుంది. అన్నదమ్ములు నోటి మాట మీద పంచుకుని చెరి సగం దున్నుకున్నారు. ఆమె ఆ రోజు పోకపోతే కాగితం మీద ఉన్నది బావ ఒక్కడే. డబ్బు మొత్తం ఆయన పేరు మీదే వస్తుంది. ఆ తర్వాత ఇస్తే ఇచ్చినట్టు, లేకుంటే లేదు.

నేను ఆమెకు ఒకటే చెప్పాను. “అమ్మా, ఇక్కడ ఆసక్తి అంటే ఇష్టం కాదు. ఈ పైసల్ల నాకూ పాలుంది అనేటోళ్లు రావాలె అని రాసిండ్రు. నీకు పాలుందా లేదా?” ఆమె మాట్లాడలేదు. మరునాడు పాత పహాణీ నకళ్లు, భర్త మరణ ధ్రువపత్రం, భూమి శిస్తు రసీదులు గుడ్డ సంచిలో వేసుకుని వచ్చింది. ఒకటిన్నర పేజీ క్లెయిము రాశాను. బావ గొడవ చేశాడు, అది వేరే కథ. ఇద్దరి మధ్య తగాదా ఉంది గనుక ఆ సర్వే నంబరు డబ్బును కోర్టులో జమ చేశారు. ఆలస్యమైంది, కానీ చివరికి సగం ఆమెకు దక్కింది. ఈ రోజుకీ నాకు అనిపిస్తుంది, ఆ నోటీసులో ‘పరిహారంలో హక్కు ఉందనుకునేవారు’ అని నాలుగు మాటలు రాస్తే ఎవరి సొమ్ము పోయింది?

2004లో రెండో విడత కాగితాలు వచ్చాయి. మొదట చెప్పిన అవార్డు కాగితాలు అవే. భూమికి ఎంత ధర కట్టారో, ఎవరికి ఎంత చెందుతుందో అధికారి చేసే నిర్ణయాన్ని చట్టం అవార్డు అంటుంది. పెద్దాయనకు అది చెబితే కాసేపు నేల చూపులు చూసి, “మరి గింత ముద్దు పేరెందుకు పెట్టిండ్రు?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అసలు ప్రాణం అంతా ఆ తర్వాతి మెట్టులో ఉంది. చెక్కు తీసుకునేటప్పుడు పెట్టే సంతకం దగ్గర.

ఆఫీసు కట్టిన ధర తక్కువనిపిస్తే, కోర్టుకు పంపమని రైతు దరఖాస్తు పెట్టుకోవచ్చు. దానికి గడువుంది. అంతవరకు చాలామందికి తెలుసు. తెలియనిది ఇంకొకటి. డబ్బు తీసుకుంటూ ‘ఇది చాలదు’ అనే అభ్యంతరాన్ని నమోదు చేయకుండా తీసుకున్నవాడికి, ఆ తర్వాత కోర్టుకు పంపమని అడిగే హక్కు లేదని పాత చట్టం 31వ సెక్షన్‌లో ఒక చిన్న షరతు. ఇంగ్లిష్‌లో రెండే రెండు మాటలు, అండర్ ప్రొటెస్ట్. ఆ రెండు మాటలు రసీదు మీద ఉంటే తలుపు తెరిచి ఉన్నట్టు. లేకుంటే మూసుకున్నట్టు.

ఈ సంగతి నాకు చెప్పింది మంథనిలో వకీలుగా ఉన్న నా చిన్ననాటి క్లాస్‌మేట్. విన్నాక కరీంనగర్ పోయి చట్టం పుస్తకం కొన్నాను. సన్న పుస్తకమే. అందులో ఆ షరతు ఉన్న పేజీ మూల మడిచిపెట్టాను.

ఇప్పుడు ఆ రెండు మాటలను తెలుగులో ఎలా రాయాలి? నిఘంటువు చూస్తే నిరసన అని ఉంది. ‘నిరసనతో తీసుకొంటిని’ అని ఒక కాగితం మీద రాసి పెద్దాయనకు చూపించాను. ఆయన చేయి వెనక్కి తీసుకున్నాడు. కారణం మా ప్రాంతంలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఖనిలో నిరసన అంటే గేటు మీటింగు, నల్ల బ్యాడ్జీ, ధర్నా, చివరకు పోలీసు జీపు. ఆయన చిన్న కొడుకు బాయిలో బదిలీ వర్కరు. “నిరసన అని నా నిశానీ కింద రాస్తే రేపు పోరగాని డ్యూటీకి ఎసరొస్తది సారూ. నాకొద్దు, గా పైసలే సాలు” అన్నాడు. చట్టం ఇచ్చిన హక్కును ఒక్క తెలుగు మాట భయపెట్టి తరిమేసింది.

ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. నేను పండితుణ్ని కాదు, చట్టం చదివినవాణ్ని కాదు. కానీ ఆ షరతును మళ్లీ మళ్లీ చదివితే, అది ఎవరి మీదా తిరగబడమనడం లేదు. సొమ్ము సరిపోదనే మాటను ఆ సమయంలోనే చెప్పమంటోంది, అంతే. పొద్దున్నే ఈ వాక్యం రాశాను: ‘ఈ సొమ్ము నా భూమికి చాలదనే అభ్యంతరం ఉంచుకొని, కోర్టుకు వెళ్లే హక్కు వదులుకోకుండా తీసుకుంటున్నాను.’ పక్కనే ఇంగ్లిష్ మాటలు రెండూ రాశాను, ఏ గుమస్తా అయినా అర్థం కాలేదనకుండా. పెద్దాయనకు చదివి వినిపించాను. “గిట్లయితే ఇబ్బంది లేదు. ఉన్న ముచ్చటే గదా” అన్నాడు. ఆ వాక్యాన్ని ముప్పై నలభై చీటీల మీద కార్బన్ పెట్టి రాసి ఇచ్చాను. చీటీలో ఉన్నది చూసి రసీదు మీద ఎక్కించుకోవడమే. వేలిముద్ర వేసేవాళ్ల కోసం పదో తరగతి పిల్లలిద్దరు వెంట పోయారు.

పంపిణీ రోజు టేబుల్ దగ్గర కూర్చున్న ఉద్యోగి ఒకాయన విసుక్కున్నాడు. ఇలా రాస్తే చెక్కు ఇవ్వం అన్నాడు. మూల మడిచిన పేజీ ఆయన ముందు పెట్టాను. చదివి, పైఅధికారి గదిలోకి పోయి వచ్చి, సరే రాసుకోండి అన్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయనకూ ఆ షరతును ఎవరూ విడమర్చి చెప్పి ఉండరు.

ఆ చీటీ అందేలోపే సంతకం చేసినవాళ్లు ఊళ్లో ఉన్నారు. మా ఇంటి వెనక కాకా ఒకాయన, బిడ్డ పెళ్లి దగ్గర పడి, మొదటి రోజే పోయి వేలిముద్ర వేసి చెక్కు తెచ్చుకున్నాడు. రసీదు మీద ఏమీ రాయలేదు. ఇంకొకాయన అంతకు ముందే ‘ఈ ధర నాకు సమ్మతమే’ అనే ఒప్పందపు కాగితం మీద సంతకం పెట్టి, మిగతావాళ్ల కంటే నాలుగు వేలు ఎక్కువ తెచ్చుకున్నానని కల్లు కాంపౌండు దగ్గర గొప్పగా చెప్పుకున్నాడు.

రసీదు మీద రాయడంతో పని అయిపోదని కూడా ఇక్కడ చెప్పాలి. గడువులోగా విడిగా దరఖాస్తు పెట్టాలి. ఎందుకు చాలదో అందులో రాయాలి: పక్క ఊళ్లో ఇలాంటి భూమి ఎంతకు రిజిస్టరయింది, బావి ఉందా, రోడ్డుకు ఎంత దూరం, ఏడాదికి ఎన్ని పంటలు. గడువు లోపల ఇచ్చినట్టు రుజువు కావాలి గనుక ఆఫీసు ముద్ర వేయించుకున్న నకలు దగ్గర పెట్టుకోవాలి. రసీదు మీద రాయకపోయినా, డబ్బుకు ముందే దరఖాస్తు పెట్టుకున్నారు గనుక అభ్యంతరం ఉన్నట్టే లెక్క అని కోర్టులు రైతుల పక్షాన చెప్పిన సందర్భాలున్నాయి. కానీ ఆ వాదన నెగ్గించుకోవడం కంటే చెక్కు ముందు ఒక లైను రాయడం తేలిక.

ఒక లైనుకు ఎంత విలువ? గుండ్రని అంకెలతో చెబుతాను. రెండెకరాలకు ఆఫీసు లక్ష రూపాయలు కట్టిందనుకోండి. పాత చట్టంలో దాని మీద 30 శాతం సొలేషియం, అంటే బలవంతంగా తీసుకుంటున్నందుకు ఇచ్చే అదనం, 30 వేలు. నోటిఫికేషన్ నుంచి అవార్డు దాకా ఏడాదికి 12 శాతం చొప్పున ఏడాదిన్నరకు 18 వేలు. మొత్తం 1,48,000. కోర్టు భూమి ధరను లక్షన్నరకు పెంచితే పై రెండూ దానితోపాటే పెరిగి మొత్తం 2,22,000 అవుతుంది. తేడా 74,000. భూమి స్వాధీనం చేసుకున్న నాటి నుంచి ఈ తేడా మీద వడ్డీ నడుస్తుంది, మొదటి ఏడాది 9 శాతం, ఆ తర్వాత 15 శాతం. అయిదేళ్లకు 51,060. అంటే ఆ లైను రాసినవాడికి అదనంగా 1,25,060 రూపాయలు. రాయనివాడికి సున్నా. మొదటి చెక్కుకు దాదాపు సమానమైన ఇంకో చెక్కు అది.

మా ఊరి కేసులో అయిదేళ్లు పట్టింది. 2009లో కోర్టు ధర పెంచింది. పెద్దాయన అప్పటికి కళ్లు సరిగా కనిపించక మంచం పట్టాడు. బాయిలో పనిచేసే కొడుకే వచ్చి చెప్పాడు, “బాపు చీటీ పని చేసింది సారూ” అని. ఆ డ్యూటీకి ఏ ఎసరూ రాలేదు, ఆలోపు పర్మినెంటు కూడా అయింది. పెంచిన ధర మీద అప్పీళ్లు, సగం డబ్బు ముందు, సగం తర్వాత, అవన్నీ మామూలే.

నాకు మాత్రం ఆ వార్త వినగానే కాకా గుర్తొచ్చాడు. ఏమీ రాయకుండా వేలిముద్ర వేసినాయన. ఊరంతా ఆయన పని అయిపోయిందనే అనుకుంది, ఆయనా అదే అనుకున్నాడు. మడిచిన పేజీకి నాలుగు పేజీల ముందు, 28-ఏ అని ఒక సెక్షన్ ఉంది. 1984లో చేర్చారు దాన్ని. ఒకే నోటిఫికేషన్ కింద భూములు పోయిన వారిలో ఒకరికి కోర్టు ధర పెంచితే, కోర్టుకు పోనివాళ్లు కూడా తమకూ అదే లెక్క కట్టమని అడగవచ్చు. డబ్బు అభ్యంతరంతో తీసుకున్నాడా, ఊరికే తీసుకున్నాడా అన్నది ఇక్కడ అడ్డం కాదని సుప్రీంకోర్టు 2002లో తేల్చింది. చదువుకోలేక, పైసలు లేక కోర్టుకు పోనివాళ్ల కోసం పెట్టిన దారి అది.

అయితే దానికి మూడు నెలలే గడువు. ఆ గడువు మొదలైందని చెప్పే కాగితం ఎవరికీ రాదు. దండోరా ఉండదు, గోడకు నోటీసు ఉండదు. పక్కింటివాడు కోర్టులో గెలిచాడని తెలిస్తే తెలిసినట్టు. తెలుగులో వచ్చే కాగితాలు అర్థం కాకపోవడం ఒక బాధ, అసలు రాని కాగితం ఇంకో రకం బాధ. మాకు తీర్పు సంగతి తెలిసేసరికే నెల దాటింది. తీర్పు నకలుకు దరఖాస్తు పెట్టడం, అది చేతికి రావడం, అందులో నోటిఫికేషన్ తేదీ, కాకా సర్వే నంబరు ఒకే షెడ్యూలులో ఉన్నాయో లేదో చూసుకోవడం. నకలు కోసం పట్టిన రోజులను గడువులోంచి తీసేస్తారు గనుక ఆ తేదీలు కూడా రాసి పెట్టుకున్నాం. కాకాతోపాటు ఇంకో పదకొండు మంది వచ్చారు. బడి వరండాలో కూర్చుని ఒకే నమూనా మీద పన్నెండు దరఖాస్తులు రాశాం. ఎనభై నాలుగో రోజున ముద్ర పడింది.

ఒప్పందపు కాగితం మీద సంతకం పెట్టినాయన కూడా ఆ రోజు వరండాకు వచ్చాడు. తన కాగితం తెచ్చి చూపించాడు. ‘ఇకమీదట ఏ విధమైన అదనపు పరిహారమును కోరనని నా మనఃపూర్వకముగా సమ్మతించుచున్నాను’ అని ఉంది. ధర తామే ఒప్పుకున్నామని రాసిచ్చినవాళ్లకు పాత దారీ లేదు, కొత్త దారీ లేదు. మంథని మిత్రుణ్ని ఫోన్‌లో అడిగితే అదే చెప్పాడు. ఆయన కాగితం మళ్లీ మడిచి జేబులో పెట్టుకుని, “మనఃపూర్వకముగా అంటే ఏంది సారూ?” అని అడిగాడు. చెప్పాను. “నన్ను ఎవ్వలడిగిండ్రు గట్ల?” అన్నాడు. నాలుగు వేల తేడాకు ఆయన అమ్ముకున్నదేమిటో ఆయనకు అప్పుడు తెలిసింది. మా మధ్య అంతకు మించి మాట సాగలేదు.

ఆ తర్వాత 2013లో కొత్త చట్టం వచ్చింది, 2014 జనవరి ఒకటి నుంచి అమలు. సొలేషియం 30 నుంచి 100 శాతమైంది, ఇంకా చాలా మారాయి. కానీ ఆ షరతు మారలేదు. 77వ సెక్షన్ కింద ఇప్పటికీ అదే రెండు మాటలున్నాయి. 64వ సెక్షన్ కింద దరఖాస్తుకు గడువు, అవార్డు చెప్పినప్పుడు ఎదురుగా ఉంటే ఆ రోజు నుంచి ఆరు వారాలు. లేనివాళ్లకు నోటీసు అందిన నాటి నుంచి ఆరు వారాలు లేదా అవార్డు తేదీ నుంచి ఆరు నెలలు, ఏది ముందైతే అది. కోర్టుకు పోనివాళ్ల దారి 73వ సెక్షన్‌లోకి మారింది, అదే మూడు నెలలు.

రిటైరయ్యాక కూడా కాగితాలు వస్తూనే ఉన్నాయి. ఇప్పుడు చాలామంది ఫోన్‌లో ఫొటో తీసి పంపుతున్నారు, అదీ సగం పేజీ, వేలు అడ్డం పడి. నేను మొదట అడిగేది కాగితం కాదు, కవరు. నోటీసు మీద తేదీ ఒకటుంటుంది, కవరు మీద పోస్టాఫీసు ముద్ర తేదీ ఇంకొకటి ఉంటుంది, ఒక్కోసారి రెండింటి మధ్య మూడు వారాలుంటాయి. ఆరు వారాల గడువులో మూడు వారాలు సగం గడువు. కవరును పొయ్యి ముట్టించడానికి వాడేవాళ్లు మా ఊళ్లో ఇంకా ఉన్నారు. పోయిన నెల వచ్చిన ఒక అవ్వ మాత్రం కవరును ప్లాస్టిక్ సంచిలో చుట్టి, రేషన్ కార్డుతో కలిపి తెచ్చింది. ఆమె కాకా భార్యే.